ఓనర్ విదేశంలో ఉంటే అద్దెలో 31.2 శాతం కోత: ఆ కాగితాలు ఎవరి పని, ఎందుకు

నెలనెలా ఓనర్ వాళ్ల నాన్నగారి చేతికి అద్దె ఇస్తున్న కిరాయిదారుకి ఒక రోజు అమెరికా నుంచి వాట్సాప్‌లో మెసేజ్ వస్తుంది. "ఇక నుంచి అద్దె క్యాష్‌గా వద్దండీ, నా ఎన్‌ఆర్‌ఓ ఖాతాకి ట్రాన్స్‌ఫర్ చేయండి, పంపే ముందు 31.2 శాతం టీడీఎస్ కట్ చేసి మీరే గవర్నమెంట్‌కి కట్టాలి, దానికి మీరు టాన్ తీసుకోవాలి." టీడీఎస్ అంటే డబ్బు ఇచ్చేవాళ్లే పన్నును ముందుగా కోసి ప్రభుత్వానికి కట్టడం, టాన్ అంటే అలా కోసేవాళ్లు తీసుకునే నంబరు, ఎన్‌ఆర్‌ఓ అంటే విదేశంలో ఉండేవాళ్లకి ఇండియాలో వచ్చే డబ్బు పడే బ్యాంకు ఖాతా. ఈ మెసేజ్ చదివినవాళ్లలో చాలామందికి ముందు వచ్చేది అనుమానం. ఓనర్ తన పన్నును మన నెత్తిన పెడుతున్నాడేమో అనిపిస్తుంది, లేదా ఇదేదో మోసమేమో అనిపిస్తుంది. నిజానికి ఆ ఓనర్ అడిగినది చట్టం చెప్పినదే, పైగా అలా అడగడం వల్ల ఎక్కువ కాపాడబడేది కిరాయిదారే. కాకపోతే నాలుగు లైన్ల మెసేజ్‌తో ఈ విషయం ఎవరికీ అర్థం కాదు, అందుకే గొడవలు వస్తాయి.

మొదట ఒక పొరపాటు అభిప్రాయం తీసేయాలి. అద్దె నెలకి 50,000 దాటితేనే టీడీఎస్, అది కూడా 2 శాతమే అని చాలామంది విని ఉంటారు. అది నిజమే, కానీ ఓనర్ ఇండియాలో రెసిడెంట్ అయితేనే. ఆ నిబంధన సెక్షన్ 194-ఐబీ, దాని కింద టాన్ అక్కర్లేదు, కిరాయిదారు తన పాన్‌తోనే 26క్యూసీ అనే ఫారం నింపి సాధారణంగా ఏడాదికి ఒకసారి కడితే సరిపోతుంది. ఓనర్ నాన్‌రెసిడెంట్ అయిన క్షణం ఈ సదుపాయం మొత్తం పోతుంది, అప్పుడు వర్తించేది సెక్షన్ 195. దాంట్లో కనీస పరిమితి అనేది లేదు, అద్దె పదివేలైనా కోయాల్సిందే. రేటు 30 శాతం, దాని మీద 4 శాతం సెస్ కలిపితే 31.2. ఓనర్‌కి ఇండియాలో ఆదాయం 50 లక్షలు దాటితే సర్‌ఛార్జి కూడా వస్తుంది గానీ మామూలు ఫ్లాట్ల విషయంలో ఆ ప్రస్తావన రాదు.

(2026 ఏప్రిల్ 1 నుంచి కొత్త ఆదాయపు పన్ను చట్టం కాబట్టి సెక్షన్ల నంబర్లు, ఫారాల నంబర్లు మారాయి. పాత 195 ఇప్పుడు 393లో కలిసింది. కింద చెప్పే ఉదాహరణ 2025-26 ఆర్థిక సంవత్సరానిది కాబట్టి పాత నంబర్లే వాడుతున్నాం, జనం నోట్లో కూడా ఇంకా అవే ఉన్నాయి.)

రెసిడెంటా కాదా అనేది పాస్‌పోర్టు రంగును బట్టి తేలదు, ఆ ఆర్థిక సంవత్సరంలో ఇండియాలో ఎన్ని రోజులు ఉన్నారన్న దాన్ని బట్టి తేలుతుంది. ఉదాహరణకి ఓనర్ డిసెంబరులో ఉద్యోగం కోసం వెళ్లాడనుకుందాం, ఏప్రిల్ నుంచి డిసెంబరు దాకా 182 రోజులకు మించి ఇక్కడే ఉన్నాడు కాబట్టి ఆ ఏడాదికి అతను పన్ను లెక్కలో రెసిడెంటే, తర్వాతి ఏప్రిల్ నుంచి నాన్‌రెసిడెంట్. ఈ లెక్క కిరాయిదారుకి ఎలా తెలుస్తుంది? తెలియదు. అందుకే ఇది ఓనర్ రాసి ఇవ్వాల్సిన మొదటి మాట: "ఈ ఆర్థిక సంవత్సరానికి నేను నాన్‌రెసిడెంట్‌ని, నా పాన్ ఇది, అక్కడి అడ్రసు ఇది." మెయిల్‌లో ఒక్క పేరా చాలు, కానీ ఏటా ఏప్రిల్‌లో రావాలి. ఇది చేతిలో లేకుండా 31.2 శాతం కోయడం మొదలుపెట్టడం ఎంత తప్పో, తెలిసి కూడా కోయకపోవడం అంత తప్పు.

ఇక డబ్బు ఎక్కడికి వెళ్లాలి అన్నది. విదేశంలో స్థిరపడ్డ ఓనర్ తన పాత సేవింగ్స్ ఖాతాను ఎన్‌ఆర్‌ఓగా మార్చుకోవాలని విదేశీ మారకద్రవ్య చట్టం ఫెమా నిబంధన. ఇండియాలో వచ్చే అద్దె మామూలుగా పడేది ఆ ఖాతాలోనే. కిరాయిదారు వైపు నుంచి చూస్తే ఎన్‌ఆర్‌ఓ ఖాతాకి పంపడం మామూలు నెఫ్ట్ లేదా ఐఎంపీఎస్ లాంటిదే, ఖాతా నంబరు, ఐఎఫ్‌ఎస్‌సీ కోడ్ ఉంటే చాలు, అది విదేశానికి పంపినట్టు కాదు. ఓనర్ వాళ్ల నాన్నగారి ఖాతాకి పంపితే ఏమవుతుంది అన్న ప్రశ్న తరచూ వస్తుంది. ఆస్తి కొడుకు పేరు మీద ఉంటే అద్దె ఎవరి చేతికి వెళ్లినా అది కొడుకు ఆదాయమే, టీడీఎస్ బాధ్యత ఏమీ మారదు. పైగా పెద్దాయన ఖాతాలో నెలనెలా పడుతున్న డబ్బు ఏమిటని ఎవరైనా అడిగితే ఆయన సమాధానం చెప్పుకోవాలి, ఓనర్ ఆ డబ్బును రేపు అమెరికాకి తీసుకెళ్లాలంటే బ్యాంకు అద్దె ఒప్పందం, పన్ను కట్టిన రుజువు అడుగుతుంది, అప్పుడు ఈ దారంతా విడమర్చి చూపించాల్సి వస్తుంది. క్యాష్ వద్దనడంలో ఉన్న అసలు కారణం ఇదే. ఒప్పందంలో రాసిన అద్దె, బ్యాంకు స్టేట్‌మెంట్‌లో కనిపించే మొత్తం, ప్రభుత్వానికి కట్టిన టీడీఎస్, ఈ మూడూ ఒకదానితో ఒకటి కూడాలి.

ఇప్పుడు ఒక ఫ్లాట్ లెక్క తీసుకుందాం. హైదరాబాద్ మియాపూర్‌లో డబుల్ బెడ్‌రూమ్, ఒప్పందంలో అద్దె 40,000, ఓనర్ టెక్సస్‌లో. నెలకి 31.2 శాతం అంటే 12,480. కిరాయిదారు ఓనర్ ఖాతాకి పంపేది 27,520, ప్రభుత్వానికి కట్టేది 12,480. కిరాయిదారు జేబులోంచి పోయేది మునుపటిలాగే 40,000, ఒక్క రూపాయి ఎక్కువ కాదు. ఈ మాట ఓనర్ మొదటి మెసేజ్‌లోనే అంకెలతో సహా రాస్తే సగం టెన్షన్ అక్కడే పోతుంది. మెయింటెనెన్స్‌ను కిరాయిదారు నేరుగా అసోసియేషన్‌కి కడుతుంటే దాని మీద కోత ఉండదు, అది ఓనర్‌కి ఇస్తున్నది కాదు కాబట్టి. అద్దెలోనే కలిపి ఓనర్‌కి ఇస్తుంటే మాత్రం మొత్తం మీద కోయడమే సురక్షితం.

ఒప్పందంలో ఒక వాక్యం విషయంలో చాలా జాగ్రత్తగా ఉండాలి. కొందరు ఓనర్లు "నాకు చేతికి 40,000 రావాలి, పన్నులు మీరు చూసుకోండి" అని రాయిస్తారు. అలా రాస్తే చట్టం దాన్ని మరోలా చదువుతుంది. పన్ను పోను 40,000 అంటే అసలు అద్దె ఎంత అని వెనక్కి లెక్క కట్టాలి. 40,000ను 0.688తో భాగిస్తే సుమారు 58,140 వస్తుంది, దానిపై పన్ను 18,140. అంటే కిరాయిదారు నెలకి 58,140 ఖర్చు పెట్టినట్టు. 40,000కి ఇల్లు దొరికిందనుకున్న మనిషికి ఇది కోలుకోలేని దెబ్బ. కాబట్టి ఒప్పందంలో ఉండాల్సిన మాట "నెల అద్దె 40,000, చట్టప్రకారం టీడీఎస్ మినహాయించి చెల్లించబడును" అని. ఇంకేం అలంకారాలు వద్దు.

కిరాయిదారు చేయాల్సిన పనులు చూస్తే, మొదటిది టాన్. ఫారం 49బీ ఆన్‌లైన్‌లో నింపాలి, ఫీజు జీఎస్టీతో కలిపి 77 రూపాయలు. వ్యక్తిగత పేరు మీదే వస్తుంది, వ్యాపారం ఉండాల్సిన అవసరం లేదు. టాన్ వచ్చాక ఆదాయపు పన్ను పోర్టల్‌లో ఆ టాన్‌తో లాగిన్ తయారుచేసుకుని, e-Pay Tax లోకి వెళ్లి 281 చలానా ఎంచుకోవాలి, సెక్షన్ 195 పెట్టాలి. అక్కడ కంపెనీయా, కంపెనీ కానివాళ్లా అని అడుగుతుంది. అది అద్దె తీసుకునే ఓనర్ గురించి అడుగుతున్న ప్రశ్న, ఓనర్ వ్యక్తి కాబట్టి కంపెనీ కానివాళ్లు అన్నదే ఎంచుకోవాలి. ఏ నెల కోసిన డబ్బు తర్వాతి నెల 7వ తేదీలోపు కట్టాలి, మార్చి నెలది మాత్రం ఏప్రిల్ 30 దాకా కట్టొచ్చు.

ఈ 7వ తేదీ దగ్గర ఒక చిక్కు ఉంది. ఆలస్యమైతే నెలకి 1.5 శాతం వడ్డీ, నెలలో ఒక్క రోజు తగిలినా ఆ నెలంతా లెక్కే, పైగా లెక్క మొదలయ్యేది గడువు తేదీ నుంచి కాదు, కోసిన తేదీ నుంచి. జూన్ 5న అద్దె పంపి కోసిన 12,480ని జూలై 10న కట్టారనుకోండి, ఆలస్యం మూడు రోజులే, వడ్డీ మాత్రం జూన్, జూలై రెండు నెలలకి, అంటే 3 శాతం, 374 రూపాయల చిల్లర. అద్దె పంపిన రోజే, అదే కూర్చున్న చోటే చలానా కూడా కట్టేయడం అన్నిటికన్నా మంచి అలవాటు.

డబ్బు కట్టడంతో పని అయిపోయిందనుకోవడమే ఎక్కువమంది చేసే తప్పు. చలానా కట్టినప్పుడు ప్రభుత్వానికి తెలిసేది ఫలానా టాన్ నుంచి ఇంత వచ్చింది అని మాత్రమే, అది ఎవరి తరఫున వచ్చిందో తెలియదు. ఆ సంగతి చెప్పేది 27క్యూ అనే మూడు నెలల రిటర్ను. ఏప్రిల్-జూన్‌ది జూలై 31లోపు, జూలై-సెప్టెంబరుది అక్టోబరు 31లోపు, అక్టోబరు-డిసెంబరుది జనవరి 31లోపు, చివరిది మే 31లోపు వేయాలి. దీంట్లో ఓనర్ పాన్, విదేశీ అడ్రసు, ఏ దేశం, మెయిల్, ఫోన్, అక్కడి ట్యాక్స్ నంబరు అడుగుతుంది. వీటిని గడువు ముందు రోజు రాత్రి అక్కడ నిద్రలో ఉన్న ఓనర్‌ని లేపి అడగాల్సి రాకుండా ఓనరే ముందుగా ఇచ్చేయాలి. రిటర్ను వేశాక, దాని గడువు తేదీ నుంచి పదిహేను రోజుల్లోపు, టీడీఎస్ వివరాలుండే ఆదాయపు పన్ను శాఖ సైటు ట్రేసెస్ నుంచి టీడీఎస్ సర్టిఫికెట్ అయిన ఫారం 16ఏ దింపి ఓనర్‌కి పంపాలి. ఆ కాగితం వచ్చాకే ఓనర్‌కి "నా తరఫున కట్టారు" అన్న నమ్మకం. తన పాన్ మీద జమైన పన్నులు కనిపించే 26ఏఎస్‌లో కూడా ఓనర్ చూసుకోవచ్చు. 27క్యూ వేయకపోతే చలానా కట్టినా అక్కడ ఏమీ కనిపించదు, ఓనర్ వైపు నుంచి చూస్తే డబ్బు గాల్లో కలిసినట్టే.

27క్యూ ఆలస్యానికి రోజుకి 200 రూపాయల ఫీజు. మన ఉదాహరణలో మూడు నెలల టీడీఎస్ 37,440, ఫీజు దాన్ని మించకూడదు, కానీ రెండు నెలలు మరిచిపోతే 12,000 అయిపోతుంది. ఈ రిటర్ను తయారీకి ప్రత్యేకమైన సాఫ్ట్‌వేర్ ఉంటుంది, ఉద్యోగం చేసుకునే మనిషికి అది కొరుకుడు పడదు, చాలామంది సీఏ దగ్గరికో ట్యాక్స్ కన్సల్టెంట్ దగ్గరికో వెళ్తారు. ఏడాదికి నాలుగుసార్లు ఆ ఖర్చు ఎవరు పెట్టుకోవాలి? చట్టం ఏమీ చెప్పదు. న్యాయంగా అయితే ఓనరే పెట్టుకోవాలి. కిరాయిదారుకి ఈ మొత్తం పనిలో ఒక్క రూపాయి లాభం లేదు, శ్రమ, రిస్కు మాత్రమే ఉన్నాయి, ఓనర్ రిఫండ్ వచ్చేది ఆ శ్రమ మీదే. అద్దె మాట్లాడుకునేటప్పుడే "కన్సల్టెంట్ ఫీజు నాది, మనిషిని కూడా నేనే చూపిస్తా" అని ఓనర్ అంటే కిరాయిదారు కాదనడు.

రిఫండ్ అన్నాం కాబట్టి ఓనర్ వైపు లెక్క చూద్దాం. ఏడాది అద్దె 4,80,000, కోత 1,49,760. ఓనర్ అసలు పన్ను ఎంత? మున్సిపల్ పన్ను 10,000 కట్టాడనుకుందాం, మిగిలింది 4,70,000. దాంట్లో 30 శాతం స్టాండర్డ్ డిడక్షన్ తీస్తే 3,29,000. 2025-26లో కొత్త పద్ధతిలో 4 లక్షల దాకా పన్ను లేదు. రెసిడెంట్లకి ఇచ్చే 87ఏ రిబేటు ఎన్‌ఆర్‌ఐలకి రాదు గానీ 4 లక్షల శ్లాబు అందరికీ ఉంది. అంటే ఇండియాలో ఇంకే ఆదాయమూ లేకపోతే అతని పన్ను సున్నా, కోసిన 1,49,760 మొత్తం తిరిగి రావాలి, దానికి అతను తన ఆదాయపు పన్ను రిటర్ను వేయాలి.

ఇది చూసి ఇద్దరికీ ఒకే ఆలోచన వస్తుంది, పన్నే లేనప్పుడు కోయడం ఎందుకు, ఓనర్ రిటర్ను వేసుకుంటాడు కదా అని. ఇక్కడే ఆగాలి. ఓనర్ పన్ను ఎంత అని తేల్చే అధికారం కిరాయిదారుకి లేదు, ఓనర్‌కి బ్యాంకు వడ్డీ ఎంత వస్తుందో, ఇంకో ఇల్లు ఉందో అతనికి తెలియదు. టీడీఎస్ కోయొద్దని రెసిడెంట్లు బ్యాంకులో ఇచ్చే 15జీ లాంటి డిక్లరేషన్ ఎన్‌ఆర్‌ఐలకి లేదు. రెండు దేశాల మధ్య ఉండే ట్యాక్స్ ట్రీటీ పేరు చెప్పి రేటు తగ్గించడం కూడా కుదరదు, స్థిరాస్తి మీద వచ్చే ఆదాయానికి ఆస్తి ఉన్న దేశం తన రేట్ల ప్రకారమే పన్ను వేసుకోవచ్చని ఆ ఒప్పందాలు మామూలుగా చెబుతాయి. ఓనర్ "ఫర్వాలేదు, కోయొద్దు" అని మెయిల్ ఇచ్చినా ఆ మెయిల్ కిరాయిదారుని కాపాడదు. కోయని పన్నుకి డిఫాల్టర్ కిరాయిదారే అవుతాడు, నెలకి 1 శాతం వడ్డీతో సహా.

సరైన దారి ఒకటుంది, దాన్ని తక్కువమంది వాడుతున్నారు. సెక్షన్ 197 కింద ఓనర్ ట్రేసెస్‌లో తన పాన్‌తో లాగిన్ అయి ఫారం 13 పెట్టుకోవచ్చు. అద్దె ఒప్పందం, గత ఏళ్ల రిటర్నులు, ఈ ఏడాది ఆదాయ అంచనా, కిరాయిదారు టాన్ ఇస్తే అధికారి పరిశీలించి తక్కువ రేటుకో, అసలు కోత లేకుండానో సర్టిఫికెట్ ఇస్తారు. మన ఉదాహరణలాంటి కేసులో దానికి మంచి అవకాశం ఉంది. సర్టిఫికెట్ ఆ కిరాయిదారు టాన్ పేరు మీద వస్తుంది కాబట్టి టాన్ ముందు తీసుకోవడం తప్పదు. ఇచ్చిన తేదీ నుంచే పనిచేస్తుంది, వెనకటి నెలలకి కాదు. ఆ ఆర్థిక సంవత్సరానికే చెల్లుతుంది, ఏప్రిల్ వస్తే మళ్లీ పెట్టుకోవాలి. వారాలు పడుతుంది, కాబట్టి అక్టోబరులో గుర్తొచ్చి పెడితే సగం ఏడాది కోత అప్పటికే అయిపోయి ఉంటుంది.

సర్టిఫికెట్ వచ్చినా 27క్యూ ఆగదు. దాంట్లో సర్టిఫికెట్ నంబరు వేయాలి. ఆ గడి ఖాళీగా వదిలితే సిస్టమ్ 31.2 శాతంతో పోల్చి "తక్కువ కోశారు" అని కిరాయిదారు టాన్ మీద డిమాండ్ వేస్తుంది. ఇలాంటి డిమాండ్ వస్తే భయపడాల్సింది లేదు, సవరించిన రిటర్ను వేస్తే పోతుంది, కానీ మొదటిసారే చూసుకుంటే ఆ పని ఉండదు. ఓనర్ తన పాన్ స్థితి కూడా చూసుకోవాలి. ఆధార్ లింకు లేని ఎన్‌ఆర్‌ఐల పాన్‌లు, శాఖ రికార్డులో వాళ్లని ఇంకా రెసిడెంట్‌గానే చూపిస్తుంటే, పనిచేయని పాన్‌లుగా కనిపిస్తాయి, దాంతో రిఫండ్ ఆగిపోతుంది. పోర్టల్‌లో రెసిడెన్షియల్ స్టేటస్ మార్పించుకోవడం అతని పని.

ఇప్పటికే ఏడాది రెండేళ్లుగా కోయకుండా పూర్తి అద్దె ఇచ్చేసిన వాళ్ల సంగతి? చాలా ఇళ్లలో పరిస్థితి ఇదే. ఓనర్ ఆ ఏళ్లకి రిటర్ను వేసి, ఈ అద్దెను ఆదాయంగా చూపించి, రావాల్సిన పన్ను కట్టి ఉంటే, సీఏ ఇచ్చే 26ఏ సర్టిఫికెట్‌తో కిరాయిదారు డిఫాల్టర్ ముద్ర తప్పించుకోవచ్చు, ఓనర్ రిటర్ను వేసిన తేదీ దాకా వడ్డీ మాత్రం పడుతుంది. ముందు ఈ వెసులుబాటు రెసిడెంట్ ఓనర్లకి చెల్లింపుల విషయంలోనే ఉండేది, 2019 సెప్టెంబరు నుంచి నాన్‌రెసిడెంట్లకీ వచ్చింది. ఓనర్ రిటర్నులే వేయని చోట ఈ దారి మూసుకుపోయినట్టే, అక్కడ సీఏతో కూర్చుని మాట్లాడుకోవడం తప్ప వేరే మార్గం లేదు. 50,000 దాటిన అద్దెకి తెలియక 26క్యూసీలో 2 శాతం కట్టినవాళ్లు కూడా ఇదే గుంపులోకి వస్తారు, కట్టింది తప్పు సెక్షన్ కింద, మిగతా 29.2 శాతం బాకీ ఉన్నట్టే లెక్క.

హెచ్‌ఆర్‌ఏ, అంటే జీతంలో వచ్చే ఇంటి అద్దె భత్యం గురించి ఒక మాట. పాత పన్ను పద్ధతిలో ఉండి హెచ్‌ఆర్‌ఏ చూపించుకునే ఉద్యోగికి అద్దె 27,520 కాదు, 40,000. కోసి కట్టింది కూడా అద్దెలో భాగమే. ఆఫీసులో ఓనర్ పాన్ ఇవ్వాల్సి వస్తుంది, ఆ పాన్ ఎన్‌ఆర్‌ఐదని శాఖకి తెలుస్తుంది, టీడీఎస్ లేకపోతే ప్రశ్న అక్కడి నుంచే మొదలవుతుంది. బ్యాంకు స్టేట్‌మెంట్, చలానాలు, 16ఏ కలిపి ఉంచుకుంటే అద్దె రసీదు కన్నా గట్టి సాక్ష్యం.

ఇల్లు ఖాళీ చేసేటప్పుడు అడ్వాన్సు దగ్గర ఈ లెక్క తప్పిపోతుంటుంది. తిరిగిచ్చే డిపాజిట్ మీద టీడీఎస్ లేదు, కానీ చివరి రెండు నెలల అద్దెను దాంట్లో సర్దుబాటు చేసుకోమంటే అది అద్దె అయిపోతుంది. 80,000 అడ్వాన్సు, రెండు నెలల అద్దె 80,000, చెల్లుకి చెల్లు అని ఇద్దరూ చేతులు దులుపుకుంటే 24,960 టీడీఎస్ కట్టకుండా మిగిలిపోతుంది, బాధ్యత కిరాయిదారు మీద ఉంటుంది. అద్దెలో ఓనర్‌కి చెందాల్సింది 55,040, అతని దగ్గర ఉన్నది 80,000, కాబట్టి తేడా 24,960 ఓనర్ తిరిగి ఇవ్వాలి, కిరాయిదారు దాన్ని చలానాలో కట్టి, వేరే ఇంటికి మారిపోయినా సరే ఆ మూడు నెలల 27క్యూ వేసి, చివరి 16ఏ పంపాలి. తాళాలు ఇచ్చే రోజునే ఆ 24,960 తన ఖాతాలో పడిందో లేదో చూసుకోవాలి.